మొదటి పార్ట్‌టైమ్ సోషల్ మీడియా మేనేజర్ కోసం ప్రకటన ఎలా రాయాలి?

"రోజుకో పోస్టు, వారానికి నాలుగు రీల్స్, యాడ్స్, ఫొటోలు, కామెంట్లకు వెంటనే జవాబులు. వారానికి పది గంటలు." ఇలాంటి ప్రకటనలు చాలా కనిపిస్తాయి. పని తెలిసినవాళ్లు అది చూడగానే పక్కకు తప్పుకుంటారు, ఎందుకంటే ఇదంతా పది గంటల్లో అయ్యేది కాదు. అందుకే ముందు గంటలు లెక్కేసి, ఆ తర్వాత ప్రకటన రాయండి.

కుట్టుపని నేర్పే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. వారానికి ఒక రీల్‌కి షూటింగ్, ఎడిటింగ్ కలిపి మూడు గంటలు. రెండు ఫొటో పోస్టులకు మరో మూడు. కామెంట్లు, మెసేజ్‌లకు రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులకు రెండున్నర. వచ్చే వారం ప్లాన్‌కి ఒక గంట, మీతో మాట్లాడటానికి అరగంట. పది గంటలూ అయిపోయాయి! యాడ్స్ కూడా కావాలంటే గంటలు పెంచాలి, లేదా రీల్ మానుకోవాలి.

ఇప్పుడు ప్రకటనలో ఈ లెక్కనే పెట్టండి. దాంతోపాటు మూడు నెలల్లో ఏం మారాలో ఒక్కటే రాయండి. "ఫాలోవర్లు పెరగాలి" అని కాకుండా "కొత్త బ్యాచ్ గురించి అడిగే మెసేజ్‌లు పెరగాలి" అని రాస్తే, వచ్చినవాళ్లకు దేనికోసం పనిచేయాలో తెలుస్తుంది. పోస్టులు ఎవరు ఓకే చేస్తారో, ఎంతసేపట్లో చేస్తారో కూడా చెప్పండి. చాలాచోట్ల పని ఆగేది అక్కడే. ఏ పనులు ఈ ఉద్యోగంలోకి రావో ఒక వాక్యంలో రాస్తే తర్వాత గొడవ ఉండదు.

ఎంపికకు మూడు అంశాలు చాలు: రాత, వీడియో పని, జనంతో మాట్లాడే తీరు. ఒక్కోదానికి ఐదు మార్కులు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో అప్లికేషన్లు తెరవకముందే రాసుకోండి, లేకపోతే నచ్చిన మనిషికి తగ్గట్టు కొలత మారిపోతుంది. అభ్యర్థి సొంత ఖాతాకు ఎంతమంది ఫాలోవర్లున్నారో నేనైతే లెక్కలోకి తీసుకోను. అది వాళ్ల ముఖానికి వచ్చిన ఆదరణ కావచ్చు, మీ పేజీకి పనికొస్తుందని లేదు.

ఎక్కువ మార్కులతో చివరిదాకా మిగిలిన ముగ్గురికి ఒక గంట పరీక్ష పెట్టండి, ఆ గంటకు డబ్బివ్వండి. వాళ్లు రాసినదాన్ని పేజీలో వాడుకోకండి. ఒక ఫిర్యాదు ఇచ్చి జవాబు రాయమనండి: "డబ్బు కట్టి వారమైంది, క్లాసు ఎప్పుడో ఎవరూ చెప్పట్లేదు." వాదనకు దిగితే ఒక మార్కు. "దయచేసి మమ్మల్ని సంప్రదించండి" అని వదిలేస్తే రెండు. క్షమించమని అడిగి, వివరాలు అందరి ముందు కాకుండా మెసేజ్‌లో పంపమని, ఇవాళ సాయంత్రంలోగా జవాబిస్తామని రాస్తే ఐదు.

ఎంపికయ్యాక పాస్‌వర్డ్ చేతికివ్వకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయితే ఆ పేజీలను నడిపే Meta Business Suite అనే టూల్‌లో వాళ్ల పేరు చేర్చి, అవసరమైనంత అనుమతే ఇవ్వండి. పని మానేసిన రోజు ఆ పేరు తీసేస్తే సరిపోతుంది.