తప్పు ఖాతాకు వెళ్లిన డబ్బు – నాలుగో పాఠం: అవతలివారి సమ్మతి సంపాదించడం

డబ్బు మన ఖాతాలో తగ్గినా అవతలి ఖాతాకు చేరని సందర్భాన్ని గత పాఠంలో చూశాము. అటువంటి సొమ్ము సాధారణంగా దానంతట అదే తిరిగి వస్తుంది. ఈ పాఠంలో చెప్పబోయేది దానికన్నా కఠినమైన సందర్భం: లావాదేవీ సక్రమంగా పూర్తయింది, సొమ్ము నిజంగానే ఒక ఖాతాలో జమయింది, కాని ఆ ఖాతా మనం ఉద్దేశించిన వారిది కాదు.

నర్సంపేట వైపు ఒక మిర్చి రైతును ఊహించుకుందాము. ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మగా వచ్చిన డబ్బులోంచి, పురుగుమందుల దుకాణానికి బాకీపడిన 36,500 రూపాయలను ఆయన శుక్రవారం రాత్రి ఫోన్‌లోంచే ఐఎంపీఎస్ ద్వారా పంపించాడు. ఖాతా సంఖ్య చివర 4718 అని ఉండవలసిన చోట 4781 అని పడింది. ఆ సంఖ్యతో అదే బ్యాంకులో, మరో జిల్లాలో, నిజంగానే ఒకరికి ఖాతా ఉంది. సొమ్ము క్షణాల్లో వారికి జమయింది. దుకాణదారు పేరును రైతు సరిగానే రాశాడు గదా, పేరు కలవనప్పుడు బ్యాంకు ఎందుకు ఆపలేదన్న ప్రశ్న అందరికీ వస్తుంది. ఇటువంటి బదిలీలలో జమ జరిగేది ఖాతా సంఖ్యను బట్టే. దానిని సరిగా ఇవ్వవలసిన బాధ్యత పంపేవారిదేనని రిజర్వ్ బ్యాంకు 2010లోనే స్పష్టం చేసింది. కనుక పేరు కలవలేదన్న వాదనతో బ్యాంకును నిలదీయడంలో కాలం గడపవద్దు.

ఇక్కడ గట్టిగా మనసుకు పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. ఖాతాదారు తప్పు వల్ల వెళ్లిన సొమ్మును, అవతలి ఖాతాదారు సమ్మతి లేకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి తీసుకోదు. మేనేజర్ ఎంత సానుభూతి చూపినా, మీరు ఎన్నిసార్లు బ్రాంచికి తిరిగినా ఈ నియమం మారదు. అందువల్ల మన పని అంతా ఆ సమ్మతి త్వరగా, రాతపూర్వకంగా, బ్యాంకు ద్వారా వచ్చేటట్లు చూడడమే.

త్వరగా అనడానికి కారణం ఉంది. అవతలి ఖాతాలో సొమ్ము నిలిచి ఉన్నంతవరకు ఒక్క సంతకంతో పని అయిపోతుంది. ఖర్చయిన తరువాత సమ్మతి ఇచ్చినా తీయడానికి అక్కడ సొమ్ము ఉండదు. మన రైతుకు మరునాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. రెండు రోజులూ బ్రాంచి మూసి ఉంటుంది. సోమవారం దాకా ఆగకుండా, ఆ రాత్రే తన డెబిట్ కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. బ్యాంకుల పేరుతో దొంగ నంబర్లు పెట్టి ఇటువంటి కంగారులో ఉన్నవారి కోసమే కాచుకునే వారున్నారు. ఓటీపీ గాని పిన్ గాని అడిగారంటే అది బ్యాంకు కాదు. 1930 నంబరు సైబర్ మోసాల కోసం ఉన్నది. మన పొరపాటును మోసమని అక్కడ చెబితే అది అబద్ధపు ఫిర్యాదవుతుంది, నిరపరాధి ఖాతా స్తంభించిపోవచ్చు కూడా.

సోమవారం ఉదయం బ్రాంచిలో ఇచ్చే ఉత్తరం ఈ విధంగా ఉండాలి:

“నా పొదుపు ఖాతా నుండి ఫలానా తేదీ రాత్రి ఫలానా సమయానికి ఐఎంపీఎస్ ద్వారా 36,500 రూపాయలు, ఖాతా సంఖ్య పొరపాటుగా పడినందువల్ల, 4781తో ముగిసే ఖాతాకు జమయినవి. నేను పంపదలచిన ఖాతా 4718తో ముగుస్తుంది. లావాదేవీ సంఖ్య ఇది. ఫోన్ ద్వారా నమోదయిన ఫిర్యాదు సంఖ్య ఇది. దయచేసి సదరు ఖాతాదారును వెంటనే సంప్రదించి, వారి సమ్మతి తీసుకుని, ఆ సొమ్మును నా ఖాతాకు తిరిగి జమ చేయించగలరు. నా ఫోన్ నంబరును వారికి తెలియజేయడానికి నాకు అభ్యంతరం లేదు.”

లావాదేవీ సంఖ్య అంటే యాప్‌లో UTR లేదా RRN అని కనిపించే పన్నెండు అంకెల సంఖ్య. అది లేకపోతే అధికారి వెతకడానికే రోజులు పడుతుంది. పంపదలచిన ఖాతా, చేరిన ఖాతా రెండూ పక్కపక్కన రాయడం వల్ల ఇది అంకెలు తారుమారైన పొరపాటేనని చూడగానే తెలుస్తుంది. దుకాణదారు రసీదు నకలు జతచేస్తే మరింత బలం. చివరి వాక్యాన్ని మాత్రం ఎన్నడూ వదలవద్దు. అవతలివారి పేరు, చిరునామా, ఫోన్ నంబరు బ్యాంకు మీకు చెప్పదు, గోప్యత దాని ధర్మం. అయితే మీ నంబరును వారికి ఇవ్వడానికి అడ్డు లేదు. ఉత్తరం నకలు మీద ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి.

అవతలివారు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలన్నది కూడా నేర్చుకోవలసిన విషయమే. “పొరపాటున మీకు డబ్బు పంపాము, తిరిగి పంపండి” అంటూ మోసం చేసేవాళ్లు ఎక్కువైనందువల్ల, మంచివారు సైతం భయపడతారు. కనుక “నా నంబరుకు పంపండి” అని అడగవద్దు. “అన్నా, మీ బ్రాంచికే వెళ్లి, ఈ సొమ్ము నాది కాదని ఒక్క కాగితం రాసియ్యండి, బ్యాంకే తిరిగి జమ చేస్తుంది” అనండి. అప్పుడు వారికీ రక్షణ ఉంటుంది, మనకూ రాతపూర్వక ఆధారం మిగులుతుంది. బెదిరింపు ఒక్క మాటైనా దొర్లితే వచ్చే సమ్మతి కూడా రాకుండా పోతుంది.

మన కథలో అవతలి వ్యక్తి మంచివాడే, సమ్మతి ఇచ్చాడు. కాని ఆదివారం నాడు ఆయన వాహన రుణపు వాయిదా 4,200 రూపాయలు ఆ ఖాతాలోంచే దానంతట అది కోతపడింది, అంతకుముందు ఖాతాలో దాదాపు ఏమీ లేదు. మిగిలిన 32,300 మాత్రమే తిరిగి వచ్చింది. ఈ 4,200ను వదులుకోవలసిన అవసరం లేదు. మన సొమ్ముతో ఆయన అప్పు అంతమేరకు తగ్గింది గనుక లాభం పొందినది ఆయనే. పొరపాటున తనకు చేరిన సొమ్మును తిరిగి ఇవ్వవలసిందేనని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షన్ చెబుతున్నది. ఒకటి రెండు వాయిదాలలో ఇచ్చేటట్లు తేదీలతో కాగితం రాయించుకుంటే చాలు.

అసలు సమ్మతే రాకపోతే అప్పుడు రెండు దారులు వేరు చేసి చూడాలి. బ్యాంకు ఉత్తరాన్ని పట్టించుకోకుండా కూర్చుంటే, ముప్పై రోజుల తరువాత cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. కాని అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవా లోపాన్నే, అవతలి మనిషి చేత డబ్బు ఇప్పించడం ఆ కార్యాలయం పని కాదు. బ్యాంకు అడిగినా ఆ మనిషే నిరాకరించాడంటే దారి న్యాయస్థానానిదే. తనది కాదని తెలిసీ దురుద్దేశంతో ఆ సొమ్మును వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం కూడా. అయినా ఇంత మొత్తానికి నేరుగా దావా వేయడం కన్నా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందు దశ అర్జీ పెట్టి, లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించడం నా దృష్టిలో మేలు. అక్కడ కోర్టు రుసుము ఉండదు, కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. కాని రాజీ కుదరాలంటే ఇద్దరూ రావాలి. రాకపోతే దావా తప్పదు. అవతలివారి పేరు తెలియని చిక్కు ఉంది గనుక, బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చి, ఖాతాదారు వివరాలు ఇప్పించమని కోర్టును కోరవలసి ఉంటుంది. దావాకు మూడేళ్ల గడువు ఉన్నదని తెలిసి వాయిదా వేయకండి.

అభ్యాసం: మీ బ్యాంకు యాప్‌లో ఏదైనా పాత ఐఎంపీఎస్ లావాదేవీ తెరిచి, పన్నెండు అంకెల సంఖ్య ఎక్కడ ఉన్నదో చూసి, దానితో పైన చూపిన ఉత్తరాన్ని మీ పేరుతో ఒకసారి రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో న్యాయ సేవాధికార సంస్థకు పెట్టే అర్జీని వాక్యం వాక్యంగా రాద్దాము.