ఐటీ హెల్ప్‌డెస్క్‌కి రాయడం – 3వ పాఠం: పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు

పోయిన పాఠంలో ల్యాప్‌టాప్ నెమ్మదించినప్పుడు ఏం రాయాలో చూశాం. ఈసారి యాక్సెస్ సమస్య. హెల్ప్‌డెస్క్‌కి వచ్చే మెయిళ్లలో ఎక్కువ అటూ ఇటూ తిరిగేది ఇదే. ఎందుకంటే "లాగిన్ అవ్వట్లేదు" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి.

మొదటిది, మీరెవరో సిస్టమ్ గుర్తించకపోవడం. పాస్‌వర్డ్ తప్పు, అకౌంట్ లాక్ అయింది, ఫోన్‌కి ఓటీపీ రాలేదు. ఇలాంటివి చాలావరకు హెల్ప్‌డెస్క్ వాళ్లే సరిచేయగలరు. రెండోది, మీరెవరో బాగానే గుర్తించి కూడా లోపలికి రానివ్వకపోవడం. ఇక్కడ మీ పేరు అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో లేదు. ఆ జాబితాలో చేర్చమని చెప్పే అధికారం సాధారణంగా హెల్ప్‌డెస్క్‌ది కాదు, ఆ అప్లికేషన్‌కి బాధ్యులైన వాళ్లది. మీది ఏ రకమో మొదటి మెయిల్‌లోనే తేలకపోతే, అవతలివాళ్లు ముందుగా పాస్‌వర్డ్ రీసెట్ చేసి పంపుతారు. రెండో రకానికి అది ఎందుకూ పనికిరాదు, పైగా కొత్త పాస్‌వర్డ్‌ని ఫోన్‌లో, మెయిల్‌లో మళ్లీ కొట్టుకునే పని మీకు అదనం.

తేడా కనిపెట్టాలంటే ఎక్కడ ఆగిందో చూడండి. పాస్‌వర్డ్ కొట్టగానే ఆగిందా, ఓటీపీ దగ్గర ఆగిందా, రెండూ దాటాక ఎర్రర్ పేజీ వచ్చిందా? చివరిదైతే దాదాపుగా రెండో రకమే. వెబ్ పేజీ మీద 401 కనిపిస్తే మీరెవరో తేలలేదని, 403 కనిపిస్తే సర్వర్ మీ రిక్వెస్ట్‌ని అందుకుని కూడా కాదందని స్థూలంగా అర్థం. అన్ని అప్లికేషన్లూ ఈ నియమాన్ని బుద్ధిగా పాటించవు కాబట్టి అంకె ఒక్కటే నమ్ముకోకుండా ఎక్కడ ఆగిందో కూడా రాయండి.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. ఒకావిడ అకౌంట్స్ నుంచి సేల్స్ టీమ్‌కి మారారు. సోమవారం నుంచి రిపోర్ట్స్ అప్లికేషన్ తెరుచుకోవడం లేదు. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతారు. ఆవిడ రాసిన మొదటి మెయిల్ ఇది: "రిపోర్ట్స్ ఓపెన్ కావట్లేదు, చాలా అర్జెంట్, దయచేసి చూడండి." దీనికి వచ్చే జవాబు ముందే తెలుసు: ఏ రిపోర్ట్స్, ఏం ఎర్రర్, స్క్రీన్‌షాట్ పంపండి. అలా ఒక రోజు పోతుంది.

మెయిల్ రాసే ముందు ఆవిడ రెండు పరీక్షలు చేసి ఉంటే సరిపోయేది. ఒకటి, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి అదే లింక్‌కి వెళ్లడం. చాలామంది బ్రౌజర్‌లో ఆఫీసు అకౌంట్‌తో పాటు సొంత అకౌంట్ కూడా తెరిచి ఉంచుతారు. అప్లికేషన్ రెండోదాన్ని పట్టుకుని "నువ్వెవరు?" అంటుంది. ప్రైవేట్ విండోలో తెరుచుకుంటే టికెట్ అవసరమే లేదు, ఆ సొంత అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయితే చాలు. రెండు, పక్క సీటువాళ్లకు తెరుచుకుంటోందా అని అడగడం. తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉంది, సమస్య మీ అకౌంట్‌దో మీ ల్యాప్‌టాప్‌దో.

ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి కొందరు ఫోన్‌లో ప్రయత్నిస్తారు. ఇక్కడ కాస్త జాగ్రత్త. ఆఫీసు నమోదు చేయని ఫోన్‌ని అసలు రానివ్వొద్దనే నిబంధన ఉండొచ్చు. అప్పుడు ఫోన్‌లో వేరే ఎర్రర్ వస్తుంది, ఉదాహరణకు AADSTS53003. దాన్ని మెయిల్‌లో పెడితే అవతలివాళ్లు అసలు సమస్య వదిలేసి దాని వెంట పడతారు. ఫోన్‌లో చూస్తే చూడండి, కానీ ఏ కోడ్ ఎక్కడ వచ్చిందో విడివిడిగా రాయండి.

ఆవిడ ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్, ఓటీపీ దాటాక వచ్చిన కోడ్ AADSTS50105. ఆ అప్లికేషన్ వాడేందుకు ఈ అకౌంట్‌ని కేటాయించలేదని దాని అర్థం. అదే పేజీలో Request Id, Correlation Id, Timestamp అనే మూడు వరుసలు ఉంటాయి. చూడ్డానికి చెత్తలా ఉంటాయి గానీ, సైన్ ఇన్ లాగ్‌లో మీ ప్రయత్నాన్ని నేరుగా పట్టిచ్చేవి ఇవే. వీటిని స్క్రీన్‌షాట్‌లోనే వదిలేయకండి. అంత పొడుగు ఐడీని బొమ్మలో చూసి మళ్లీ కొట్టాలంటే ఎవరికైనా విసుగే. కాపీ చేసి అక్షరాలుగా అతికించండి. Timestamp చివర Z ఉంటే అది యూటీసీ సమయం, మీ గడియారంతో కలవదు. దిద్దకుండా ఉన్నదున్నట్టే పంపండి.

స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి, అడ్రస్ బార్ కనిపించేలా. పక్కన కస్టమర్ల వివరాలేమైనా తెరిచి ఉంటే కత్తిరించండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా రాయొద్దు.

ఇక ఆవిడ రాయాల్సిన మెయిల్:

> సబ్జెక్ట్: రిపోర్ట్స్ అప్లికేషన్ – AADSTS50105 – టీమ్ మారాక యాక్సెస్ లేదు
>
> నమస్తే. పోయిన శుక్రవారం వరకు రిపోర్ట్స్ అప్లికేషన్ తెరుచుకునేది. సోమవారం అకౌంట్స్ నుంచి సేల్స్‌కి మారాను, అప్పటి నుంచి తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ తీసుకుంటోంది, ఆ తర్వాత AADSTS50105 వస్తోంది. చివరిసారి ప్రయత్నించింది ఈ రోజు ఉదయం 10:12కి. Request Id, Correlation Id, Timestamp కింద అతికించాను, లింక్, స్క్రీన్‌షాట్ జత చేశాను.
>
> ప్రైవేట్ విండోలో కూడా ఇదే ఎర్రర్. సేల్స్‌లో మిగతావాళ్లకు తెరుచుకుంటోంది. మెయిల్, మిగతా అప్లికేషన్లు నాకు బాగానే పనిచేస్తున్నాయి.
>
> నాకు కావలసింది సేల్స్ రిపోర్టులు చూసే అనుమతి, మార్చే అనుమతి అవసరం లేదు. మా మేనేజర్ ఆమోదం తెలిపిన మెయిల్ జత చేశాను. గురువారం మధ్యాహ్నం 3 గంటల సమీక్షకు ఈ రిపోర్టులు కావాలి.

ఇందులో "అర్జెంట్" అనే మాట లేదు, గురువారం 3 గంటలు అని ఉంది. టికెట్లను వరుసలో పెట్టేవాళ్లకు పనికొచ్చేది గడువే.

మేనేజర్ ఆమోదం ముందే జత చేయడం అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చే పని. అది లేకపోతే ఎంత చక్కగా రాసినా "ఆమోదం పంపండి" అనే జవాబు వస్తుంది, అంటే ఒక్క జవాబులో తేలే అవకాశం పోయినట్టే. కొన్ని చోట్ల ఇలాంటి వాటికి మెయిల్ కాకుండా విడిగా యాక్సెస్ రిక్వెస్ట్ ఫారం ఉంటుంది. ఉంటే ఇదే సమాచారం అందులో నింపండి.

ఎలాంటి అనుమతి కావాలో పేరు పెట్టి అడగడం కూడా ముఖ్యమే. "ఫలానా ఆయనకి ఉన్నట్టే నాకూ ఇవ్వండి" అని రాయడం చాలామందికి అలవాటు. ఆయనకు పాత ప్రాజెక్టుల తాలూకు అనుమతులు ఇంకా మిగిలి ఉండొచ్చు. జాగ్రత్త గల ఐటీ వాళ్లు వాటిని గుడ్డిగా మీకూ ఇవ్వరు, ఏది కావాలని తిరిగి అడుగుతారు. అడగకుండా ఇచ్చేస్తే అది మరీ ప్రమాదం. అనుమతి పేరు తెలియకపోతే ఏ పని చేయాలో చెప్పండి, పేరు వాళ్లు వెతుక్కుంటారు.

"యాక్సెస్ ఇచ్చాం" అని జవాబు వచ్చాక కూడా అదే ఎర్రర్ కనిపిస్తే వెంటనే టికెట్ మళ్లీ తెరవకండి. పాత సెషన్‌కి కొత్త అనుమతి సంగతి తెలియదు. సైన్ అవుట్ అయి బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ రండి. సమస్య షేర్డ్ ఫోల్డర్‌దైతే విండోస్ నుంచే సైన్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, ఎందుకంటే ఫోల్డర్ అనుమతి సాధారణంగా మిమ్మల్ని ఒక గ్రూపులో చేర్చి ఇస్తారు, మీరు ఏ గ్రూపుల్లో ఉన్నారన్నది విండోస్ లాగిన్ సమయంలోనే తీసుకుంటుంది. ఇప్పుడు ఆ గ్రూపు చేరిందో లేదో కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా చూడొచ్చు:

```
whoami /groups
```

కొత్త గ్రూపు పేరు ఈ జాబితాలో లేకపోతే అప్పుడు జవాబు రాయండి, ఈ జాబితాని కూడా జత చేయండి.

అభ్యాసం: మీ పాత మెయిళ్లలోంచి హెల్ప్‌డెస్క్‌కి రాసిన యాక్సెస్ ఫిర్యాదు ఒకటి తీయండి. దానికి వాళ్లు తిరిగి అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కో ప్రశ్నకు జవాబు మొదటి మెయిల్‌లోనే ఉండేలా దాన్ని తిరగరాయండి.

వచ్చే పాఠంలో వీపీఎన్: ఇంట్లో కనెక్ట్ అవుతుంది, బయట అవ్వదు.