ఇల్లు ఖాళీ చేసే ముందు ఈ లెక్క చూస్కోండి, తాళాలు ఇచ్చేశాక కాదు

మే, జూన్ వచ్చిందంటే కూకట్‌పల్లి, మియాపూర్ సైడంతా ఇళ్లు మారే హడావిడే. పోయిన ఆదివారం మా బావమరిది ఖాళీ చేశాడు, 36,000 అడ్వాన్స్‌లో చేతికొచ్చింది 13,950. పెయింటింగ్ కింద ఒక నెల రెంట్ పోతుందని అగ్రిమెంట్‌లోనే ఉంది, మన దగ్గర మామూలే, దాంతో గొడవ లేదు. దెబ్బ పడింది వేరే చోట.

వాడు రెంట్, మెయింటెనెన్స్ కలిపి ఒకటే అమౌంట్ కొట్టేవాడు. ఈ ఒక్క తప్పుతో డబ్బులు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశా.

అగ్రిమెంట్‌లో రెంట్ 18,000, మెయింటెనెన్స్ విడిగా 2,000, ప్రతి 11 నెలలకి "రెంట్ మీద" 5 శాతం అని ఉంది. ఓనర్ మాత్రం మొత్తం 20,000 మీద పెంచి 21,000 అన్నాడు, తర్వాత 22,050 అన్నాడు, వీడు మాట్లాడకుండా కట్టేశాడు. అసలు రెంట్ 18,900, తర్వాత 19,845 అవ్వాలి, మెయింటెనెన్స్ కలిపితే 20,900, 21,845. అంటే మొదట 11 నెలలు వంద చొప్పున, తర్వాత 7 నెలలు 205 చొప్పున, మొత్తం 2,535 ఎక్కువ పోయింది. పైగా పెయింటింగ్‌కి 22,050 పట్టుకున్నారు, అది రెంట్ కాదు కదా, రెంట్ 19,845, ఇంకో 2,205 అక్కడ పోయింది. రావాల్సింది 18,690. మేమిద్దరం రాత్రి కూర్చుని బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా పక్కన పెన్నుతో రాస్తే గానీ ఇది బయటపడలేదు, అప్పటికే తాళాలు ఇచ్చేశాడు.

అగ్రిమెంట్‌లో "మెయింటెనెన్స్‌తో కలిపి రెంట్" అని రాసుంటే మాత్రం ఓనర్ లెక్కే కరెక్ట్, అప్పుడు వాదించొద్దు. అందుకే ముందు ఆ లైన్ చదవండి. అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ పెంచితే అది వేరే సంగతి, దాన్ని 5 శాతంలో కలపకండి.

రెంట్ వేరే, మెయింటెనెన్స్ వేరే కొట్టండి, రెండు ట్రాన్సాక్షన్లు, నోట్‌లో నెల పేరు రాయండి. క్యాష్ ఇస్తే అప్పుడే వాట్సాప్‌లో "మే రెంట్ ఇంత ఇచ్చాను అంకుల్" అని పెట్టి ఓకే అనిపించుకోండి. పెంచిన నెలలో కొత్త రెంట్ ఎంతో మెసేజ్‌లో అడగండి, ఫోన్‌లో మాట్లాడి వదిలెయ్యొద్దు. "చివరి రెండు నెలలు అడ్వాన్స్‌లో అడ్జస్ట్ చేస్కోండి" అని ఓనర్ ఒప్పుకోకుండా కట్టడం ఆపొద్దు. కరెంట్ బిల్లు కట్టేసి మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. గీజర్, ట్యాపులు బాలేవని కట్ చేస్తానంటే బిల్లు అడగండి. మళ్లీ చెప్తున్నా, కలిపి కొట్టొద్దు. కటింగ్‌ల లెక్క మెసేజ్‌లో రానిదే తాళాలు ఇవ్వొద్దు.