రొయ్యల పట్టుబడులు మొదలవక ముందే: కంప్యూటర్ల వాడకం నియమాలు రాసేవాళ్లకు జాగ్రత్తలు

"మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వెయ్యండి" అని మేత డీలరు పేరుతో మెయిలొస్తుంది, లక్షలు పోతాయి. ఇలాంటి మోసాల మాట ఈమధ్య తరచూ వింటున్నాం. పోగొట్టుకున్న కంపెనీల్లోనూ నియమాల పత్రం ఉండే ఉంటుంది. చేరినరోజు సంతకం పెట్టించి బీరువాలో దాచిందే.

భీమవరం పక్కన ఇరవై మందితో నడిచే రొయ్యల కొనుగోలు కంపెనీని తీసుకోండి. ఏదో పెద్ద కంపెనీ పత్రం చూసి, "సంస్థ సమాచారం సొంత ఫోన్లలో ఉంచరాదు" అని రాసేస్తారు. కానీ చెరువు గట్టు మీద కాటా చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపకపోతే ఆరోజు బిల్లు తయారవదు. సూపర్‌వైజరు రోజూ నియమం తప్పుతాడు, మేనేజరు చూసీ ఊరుకుంటాడు. పని చేస్తూ పాటించలేని నియమం రాయడమే అసలు తప్పు. అది ఒక్కటి ఉత్తిదని తేలితే, ఖాతా మార్పు సరిచూడమన్న లైనునూ ఎవరూ లెక్కచెయ్యరు.

రాయబోయే ముందు అకౌంట్స్‌లో, గట్టు మీద ఒక్కో పూట కూర్చుని, పని నిజంగా ఎలా సాగుతుందో చూడండి. అప్పుడు సొంత ఫోన్ల లైను ఇలా మారుతుంది: "కాటా చీటీ ఫొటో కంపెనీ గ్రూపులోనే పెట్టాలి. బిల్లయ్యాక ఫోన్లోంచి తీసెయ్యాలి. రైతు ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులో వద్దు, అకౌంట్స్‌కే పంపాలి." గ్రూపు అడ్మిన్ కంపెనీ నంబరై ఉండాలి. లేకపోతే అడ్మిన్‌గా ఉన్న మనిషి మానేసిన రోజున గ్రూపు మీ చేతిలో ఉండదు.

ఖాతా మార్పు నియమానికి మాత్రం మినహాయింపు ఉండకూడదు. కబురు ఎలా వచ్చినా, పాత బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది మోసగాడే. ఆ తర్వాత రెండో మనిషి కూడా సరేనన్నాకే డబ్బు కదలాలి. యజమాని ఫోన్ చేసి తొందరపెట్టినా ఇదే పద్ధతి. ఆ మాట పత్రంలో రాసి, కింద ఆయన సంతకమే ముందు పెట్టించండి.

మిగతావి:

- రెండు పేజీలు దాటనివ్వకండి.
- తెలుగులో రాయండి. గోడౌన్ మనిషి చేత చదివించండి. ఆగినచోటల్లా తిరగరాయండి.
- "తగిన జాగ్రత్త" అని రాయకండి. ఏం చెయ్యాలో చెప్పండి.
- ట్యాలీకి ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్. అందరికీ ఒకటే అయితే ఎంట్రీ ఎవరు మార్చారో తేలదు.
- మానేసినవాళ్ల లాగిన్ అదేరోజు మూసెయ్యండి.
- తప్పు లింకు నొక్కి వెంటనే చెప్పినవాణ్ని శిక్షించకండి. భయపడితే దాస్తాడు. డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ వెళ్తేనే ఆపే అవకాశం ఎక్కువ.
- ఆ నంబరు పత్రంలో పైన, పెద్ద అక్షరాల్లో.
- పాటించలేని నియమం కనబడితే కొట్టెయ్యండి. మళ్లీ చెబుతున్నాం, కొట్టెయ్యండి.
- పట్టుబడికి వారం ముందు అకౌంట్స్‌కు ఒక దొంగ ఖాతా మార్పు మెయిల్ మీరే పంపి చూడండి. పాత నంబరుకు ఫోన్ వెళ్లకపోతే, తిరగరాయాల్సింది ఎక్కడో వాళ్లనే అడగండి.