చదివి వినిపిస్తున్న కథ పిల్లల చేతిలోంచి జారిపోతుంటే

పెద్ద కథల పుస్తకాన్ని రోజుకు కొంచెం చొప్పున తరగతికి చదివి వినిపించడం మొదలుపెడితే, మూడో రోజుకో నాలుగో రోజుకో ఒక టెన్షన్ పట్టుకుంటుంది. పిల్లలు కుదురుగానే కూర్చుని ఉంటారు. అల్లరి కూడా పెద్దగా ఉండదు. కానీ కథ వాళ్ళ దగ్గర లేదని మనకు తెలిసిపోతుంది.

చంద్రగిరి దగ్గర మా బడిలో నాలుగో తరగతికి మధ్యాహ్న భోజనం అయ్యాక రోజూ 15 నిమిషాలు చదువుతాను. 26 మంది పిల్లలు. ఇప్పుడు చదువుతున్నది తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ పోయే గంగులు అనే పిల్లవాడి కథ, 12 అధ్యాయాలు. ఈ పుస్తకంతో నాకు ఎదురైన ఇబ్బందులు, వాటికి కారణాలు, నేను మార్చుకున్న పద్ధతులు ఇవి.

వెనక వరుస పిల్లలు కథను తలకిందులుగా చెబుతారు

"గంగులుకు మేకపిల్ల దొరికిందా?" అని అడిగాను. ముందున్నవాళ్ళు లేదన్నారు, వెనక గోడ దగ్గరి నలుగురు దొరికిందన్నారు. ధ్యాస పెట్టలేదని కోప్పడబోయి ఆగాను. మరుసటి రోజు నా ఫోన్‌ను వెనక గోడ దగ్గర పెట్టి, రికార్డు ఆన్ చేసి, అదే పేజీ మళ్ళీ చదివాను. సాయంత్రం వింటే తప్పు ఎవరిదో తెలిసింది.

పుస్తకంలో వాక్యం ఇలా ఉంది: "తోటంతా, బావి చుట్టూ, చింతచెట్ల కింద ఎంత వెతికినా గంగులుకు మేకపిల్ల కనబడలేదు." రికార్డులో "మేకపిల్ల కనబడ" వరకే వినిపించింది. ఆ "లేదు" ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయింది.

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరి మాటలో ఉంటుంది. వచ్చాడా రాలేదా, ఇచ్చాడా ఇవ్వనన్నాడా అన్నది అక్కడే తేలుతుంది. మనమేమో వాక్యాన్ని నిండు గొంతుతో ఎత్తుకుంటాం, చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. పైగా కళ్ళు అప్పటికే తర్వాతి వాక్యం మీదికి పోయి ఉంటాయి. దాంతో ఆ చివరి మాటే నోట్లో మిగిలిపోతుంది.

ఇప్పుడు ముందు రోజే పేజీలు ఒకసారి చూసుకుని, పొడుగు వాక్యాల్లో ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో నిలువు గీత పెట్టుకుంటున్నాను. పై వాక్యంలో ఆ గీత "గంగులుకు" అనే మాటకు ముందు వస్తుంది. "వెతికినా" దగ్గర గొంతు దించకూడదు, దించితే వాక్యం అయిపోయిందని పిల్లలు అనుకుంటారు. అక్కడ ఊపిరి తీసుకుని, "కనబడలేదు" అనే మాటను మిగతా మాటలంత గట్టిగానే పలకాలి. అరవనక్కర్లేదు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగాలి. "వెళ్ళి, చూసి, తీసుకుని" అని సాగే వాక్యాలకూ ఇదే పద్ధతి. మధ్య మాటల దగ్గర గొంతు పైనే ఉండాలి, నిజమైన విరామం క్రియ అయ్యాకే రావాలి. బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి వారానికి ఒకసారి ఫోన్‌ను మళ్ళీ వెనక గోడ దగ్గర పెడతాను.

"అట్లా అనింది ఎవురు టీచర్?"

మన పుస్తకాల్లో "అన్నాడు గంగులు", "అంది అవ్వ" అన్నవి చాలాసార్లు మాట అయిపోయాక వస్తాయి. చూసి చదువుకునేవాళ్ళకు ఇబ్బంది లేదు, కళ్ళు ముందుకు పోయి చూసుకుంటాయి. వినే పిల్లకు మాత్రం మాటంతా అయ్యేదాకా అది ఎవరిదో తెలియదు. అందుకే మాటల పక్కన అంచులో "గం", "అ" అని పెన్సిల్‌తో రాసుకుంటాను. ముగ్గురు మాట్లాడుకునే చోట వరుస మార్చి, "అవ్వ అనింది" అని ముందే చెప్పి మాట చదువుతాను. అందులో తప్పేమీ లేదు.

మనిషికో గొంతు పెట్టాలని నేనూ మొదట్లో ప్రయత్నించాను. అవ్వకు సన్నగా, మండీ కాపలాదారుకు బొంగురుగా. రెండు రోజుల్లో నా గొంతు పట్టేసింది, ఐదో పేజీకి ఏ గొంతు ఎవరిదో నాకే గుర్తులేదు. ఇప్పుడు వేగం ఒక్కటే మారుస్తాను. అవ్వ నిదానంగా, గంగులు గబగబా, కాపలాదారు మాటకు మాటకు మధ్య ఆగుతూ. పిల్లలకు ఇది చాలు. గుసగుసలు వచ్చే చోట కూడా నిజంగా గుసగుసగా చదవను. 26 మందికి వినబడేలా గుసగుసలాడితే గొంతుకు శ్రమ, వెనకవాళ్ళకు ఎలాగూ వినబడదు. గొంతు కొంచెం తగ్గించి, నిదానిస్తాను.

పుస్తకంలో "ఎక్కడికి వెళుతున్నావురా" అని ఉంటే, గంగులు మాటగా "యాడికి పోతా ఉండావురా" అని చదువుతాను. తరగతి ఒక్కసారి నిటారుగా కూర్చుంటుంది. కథనాన్ని మాత్రం అచ్చులో ఉన్నట్టే చదువుతాను, ఆ భాష వాళ్ళ చెవిన పడాలి. నగరి వైపు నుంచి వచ్చిన ఇద్దరు పిల్లల ఇళ్ళలో తమిళం మాట్లాడతారు. వాళ్ళకు అడ్డుపడే మాట ఏదైనా ఉంటే చదవడానికి ముందే చెప్పేస్తాను, కథ మధ్యలో ఆపి అర్థం చెప్పను.

మరుసటి రోజు కథ ఎవరూ అడగరు

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. నాలుగో అధ్యాయం 9 పేజీలు. మంగళవారం చివరిదాకా చదివి పుస్తకం మూశాను. బుధవారం "నిన్న ఎక్కడ ఆగాం?" అంటే ముగ్గురే చేతులెత్తారు.

ఆ అధ్యాయం చివర గంగులు అవ్వ ఇంటికి చేరి, అన్నం తిని, నిద్రపోతాడు. రచయిత అధ్యాయాన్ని చక్కగా ముగించాడు, పిల్లలు కూడా కథను అక్కడే పడుకోబెట్టేశారు. మోసుకుపోవడానికి వాళ్ళ దగ్గర ప్రశ్న ఏదీ మిగల్లేదు.

ఐదో అధ్యాయంలో పద్ధతి మార్చాను. అందులో గంగులు మామిడి మండీ దగ్గరికి వస్తాడు, మూసిన షెడ్డు లోపల మేకపిల్ల అరుపు వినిపిస్తుంది, తలుపుకు తాళం ఉంటుంది. అధ్యాయం అయిపోవడానికి ఇంకా 2 పేజీలుంది. అక్కడే ఆపాను. గంగులుకు ఏం కావాలో పిల్లలకు తెలుసు, ఏది అడ్డుగా ఉందో తెలుసు. ఆపడానికి సరైన చోటును ఈ రెండింటితోనే గుర్తుపడతాను. అరుపు వినబడకముందే ఆపితే ప్రశ్నే పుట్టదు. తాళం సంగతి చెప్పకుండా ఆపితే, ఇంకేముంది, వెళ్ళి తెచ్చుకుంటాడులే అనుకుంటారు. ఆ సాయంత్రం ఆటో ఎక్కుతూ కూడా తాళం ఎలా తీయాలో వాదించుకున్నారు.

బెల్లు మన కథ కోసం ఆగదు కాబట్టి రోజుకు రెండు చోట్లు గుర్తుపెట్టుకుంటాను, ఒకటి దగ్గర, ఒకటి దూరం. విరామాలతో, పిల్లల మాటలతో కలిపి 15 నిమిషాల్లో నాకు 6 పేజీలు సాగుతాయి. అందుకని నాలుగో పేజీ చుట్టుపక్కల ఒక చోటు, ఆరో పేజీ దగ్గర ఇంకోటి. ఆపే వాక్యాన్ని చదివాక ఇంకేమీ మాట్లాడను. "రేపు ఏమవుతుందో చూద్దామా?" అని అడిగితే ఆ ప్రశ్న నాది అయిపోతుంది, వాళ్ళది కాదు.

మర్నాడు కథను నేను క్లుప్తంగా చెప్పను. ముందు రోజు రాని పిల్లలకు, విన్నవాళ్ళలో ఒకరు మూడు వాక్యాల్లో చెబుతారు. తర్వాత ఆగిన చోటుకు అర పేజీ వెనక నుంచి ఎత్తుకుంటాను. తాళం దగ్గరికి వచ్చేసరికి అందరూ మళ్ళీ మండీ ముందు నిలబడి ఉంటారు.

ఈ పద్ధతి సెలవుల ముందు పనిచేయదు. సంక్రాంతికి బడి మూసే రోజు గంగులును చీకటి తోటలో వదిలి పంపాను. తిరిగొచ్చాక చాలామందికి ప్రశ్న గుర్తులేదు. ఒక పాప మాత్రం భయపడి రాత్రుళ్ళు అడుగుతూనే ఉందని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. ఇప్పుడు రెండు రోజులకు మించి సెలవులుంటే, గంగులు అన్నం తిని పడుకునేదాకా చదివాకే పుస్తకం మూస్తాను.