నడిపించే గొంతు, 4వ పాఠం: ఒక్క మలుపు రాయడం

పోయిన పాఠంలో, నడుస్తూ వినే మన ఆడియో గైడ్ కోసం దారంతా నడిచి చూసుకుని, ఎక్కడ ఆపాలి, ఎక్కడ కథ చెప్పాలి అని గుర్తులు పెట్టుకున్నాం. ఈసారి ఒకే ఒక్క మలుపు తీసుకుందాం. ఆడియో గైడ్‌లో జనం దారి తప్పేది ఎక్కువగా మలుపు దగ్గరే, అదీ మలుపు తిరగడం రాక కాదు, ఎప్పుడు తిరగాలో తెలియక.

ముందు ఈ కింది ముక్క చదవండి. మొదటిసారి రాసేవాళ్ళు దాదాపు అందరూ ఇలాగే రాస్తారు.

"విగ్రహం దగ్గర నుంచి ఉత్తరం వైపు నడుస్తూ ఉండండి. ఈ వీధిలో ఒకప్పుడు నేతగాళ్ళ ఇళ్ళు ఉండేవి, ప్రతి ఇంటి ముందూ మగ్గం చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఎడమకి తిరగండి, సందులోకి. ఆ మగ్గాల్లో చివరిది ఈ సందులోనే ఉండేది..."

కాగితం మీద బాగానే ఉంది. చెవిలో పెట్టుకుని నడిచి చూస్తే కుదరదు. విగ్రహం నుంచి ఆ సందు దాకా 120 మీటర్లు ఉందనుకోండి. మామూలుగా నడిచేవాళ్ళు సెకనుకి 1.3 మీటర్లు నడుస్తారనుకుంటే వాళ్ళకి పట్టేది 92 సెకన్లు. చిన్నపిల్లని వెంటబెట్టుకునో, మోకాళ్ళ నొప్పులతోనో, అటూ ఇటూ చూస్తూనో సెకనుకి 0.8 మీటర్లు నడిచేవాళ్ళకి 150 సెకన్లు. మీరు రికార్డింగ్‌లో 90వ సెకను దగ్గర "ఇప్పుడు ఎడమకి తిరగండి" అన్నారంటే మొదటివాళ్ళు సందు ముందు ఉంటారు, రెండోవాళ్ళు ఇంకా 48 మీటర్ల వెనక ఉంటారు. వాళ్ళ పక్కన అప్పుడే ఇంకో సందు ఉంటే అందులోకి నమ్మకంగా తిరిగిపోతారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పింది చెప్పినట్టే చేశారు.

అందుకే మలుపుని గడియారానికి కట్టకూడదు, కంటికి కనిపించే వస్తువుకి కట్టాలి. "ఇప్పుడు", "కాసేపటికి", "కొంచెం దూరం వెళ్ళాక" లాంటి మాటలు మీ స్క్రిప్ట్‌లో ఎక్కడ కనిపించినా కింద గీత గీసి, ఆ చోట ఏ వస్తువు ఉందో వెతకండి. "రెండు నిమిషాల నడక" అని చెప్పడం మంచిదే, వినేవాళ్ళకి ఓ అంచనా ఉంటుంది. కానీ అది అంచనాగానే ఉండాలి, తిరగమని చెప్పే ఆజ్ఞ దాని మీద ఆధారపడకూడదు.

ఇక వస్తువు ఏది ఎంచుకోవాలి? నా లెక్కలో రెండు పరీక్షలు చాలు. ఒకటి, అది దూరం నుంచే కనిపించాలి, అంటే దాని పక్కకి వచ్చాక కాదు, ఇరవై ముప్పై అడుగులు ముందు నుంచే. రెండు, వచ్చే ఏడాది కూడా అక్కడే అలాగే ఉండాలి. షాపు బోర్డులు మారిపోతాయి, గోడ రంగు మారుతుంది, "పూలు పూసిన చెట్టు" రెండు వారాల తర్వాత వట్టి చెట్టు. రాతి కమాను, మెట్లు, గుమ్మటం, వంతెన, రెండు రోడ్లు కలిసే చోటు, ఇలాంటివి నిలుస్తాయి. దిక్కులు మాత్రం వాడకండి. ఉత్తరం ఎటో తెలియనివాళ్ళే ఎక్కువ, తెలిసినవాళ్ళు కూడా కొత్త ఊళ్ళో ఆగి ఆలోచించాలి.

కుడి, ఎడమలతో ఇంకో చిక్కు ఉంది. వినేవాళ్ళు ఇప్పుడు ఎటు తిరిగి నిలబడ్డారో మీకు తెలియదు. విగ్రహం చుట్టూ తిరిగి చూసి ఉండొచ్చు, నీడ కోసం వెనక్కి వెళ్ళి ఉండొచ్చు. కాబట్టి ఎడమ అనే మాట రాకముందే వాళ్ళ ముఖం ఎటు ఉండాలో ఒక వస్తువుతో స్థిరపరచాలి. అదొక్కటీ చేస్తే సగం తికమక పోతుంది.

ఇప్పుడు అదే మలుపుని మళ్ళీ రాద్దాం. మన దారిలో విగ్రహం ఉంది, దాని ఎదురుగా రోడ్డు, రోడ్డు చివర గడియారస్తంభం. ఎడమ పక్క రెండు సందులు: మొదటిది ఇరుకుది, మనకి అక్కర్లేదు, రెండోదాని మొదట్లో రాతి కమాను. విగ్రహం దగ్గరి ట్రాక్‌లో కథ అయిపోయాక ఒక్క క్షణం ఆగి ఇలా చెప్తాం:

"ఇక ముందుకి వెళ్దాం. విగ్రహం ఎటు చూస్తోందో మీరూ అటే తిరగండి. ఎదురుగా రోడ్డు, దాని చివర ఎత్తుగా గడియారస్తంభం కనిపిస్తుంది. ఎడమ పక్క ఫుట్‌పాత్ మీద ఆ స్తంభం వైపు నడవండి. దారిలో ఒక ఇరుకు సందు వస్తుంది, దాన్ని దాటేయండి. తర్వాత ఎడమవైపే ఒక రాతి కమాను వస్తుంది. దాని ముందు ఆగండి. రెండు నిమిషాల నడక. గడియారస్తంభం దాకా వచ్చేశారంటే కమాను దాటిపోయినట్టే, వెనక్కి రండి. కమాను ముందు ఆగాక తర్వాతి ట్రాక్ ప్లే చేయండి."

కమాను దగ్గర రెండో ట్రాక్ మొదలవుతుంది:

"రాతి కమాను మీ ఎడమచేతి పక్కన ఉండాలి. దాని కింద నుంచి ఎడమకి తిరిగి సందులోకి వెళ్ళండి. నాలుగు అడుగులు వేయగానే కాళ్ళ కింద తారు రోడ్డు పోయి బండలు పరిచిన నేల వస్తుంది. బండల మీదకి వచ్చారంటే సరైన దారిలోనే ఉన్నారు."

కొన్ని సంగతులు గమనించండి. దారి తప్పితే ఏం చేయాలో ముందే, నడక మొదలవకముందే చెప్పాం. చాలామంది ఆ మాటని రెండో ట్రాక్‌లో పెడతారు, కానీ కమాను దాటిపోయినవాళ్ళు రెండో ట్రాక్ మొదలుపెట్టనే పెట్టరు, పెట్టినా అందులో చెప్పే కమాను వాళ్ళ ముందు ఉండదు. అక్కర్లేని సందుని కూడా పేరుపెట్టి దాటించాం. వినేవాళ్ళు అనుమానించేది ప్రతి సందుని చూసి "ఇదేనా?" అనే, ఆ ప్రశ్నకి జవాబు ముందే అందితే టెన్షన్ ఉండదు. తిరిగాక బండల నేల అనే ధ్రువీకరణ ఇచ్చాం. మలుపు తర్వాత మొదటి పది పన్నెండు సెకన్లలో ఇలాంటిది ఒకటి ఉండాలి. అప్పటిదాకా వాళ్ళ బుర్ర "సరిగ్గానే వచ్చానా" అనే దగ్గరే ఉంటుంది, అప్పుడు మీరు మొదలుపెట్టిన మగ్గం కథ చెవిలో పడదు.

వాక్యంలో మాటల వరుస కూడా చూసుకోండి. "ఎడమకి తిరగండి, రాతి కమాను వచ్చాక" అని రాస్తే ఎడమ అనే మాట వినగానే కొందరి భుజం అటు తిరిగిపోతుంది, మిగతా సగం విననే వినరు. వస్తువు ముందు, పని చివర: "రాతి కమాను వచ్చాక ఎడమకి తిరగండి." రాసేటప్పుడు ఇది సహజంగానే వస్తుంది, కానీ మైకు ముందు మాట్లాడేటప్పుడు తారుమారు అవుతుంది, అందుకే దారి చెప్పే వాక్యాలని ఉన్నదున్నట్టు చదవండి, కథ దగ్గర స్వేచ్ఛ తీసుకోండి. కథకీ దారికీ మధ్య ఒక సెకను నిశ్శబ్దం గానీ, ప్రతిసారీ ఒకేలా వినిపించే చిన్న గంట గానీ ఉంటే మూడో మలుపుకల్లా వినేవాళ్ళకి అలవాటైపోతుంది, గంట వినగానే తల పైకెత్తుతారు.

జీపీఎస్‌తో దానంతటదే మొదలయ్యే గైడ్ రాస్తున్నారా? అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ మీ స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఆ తేడా బాగా పెరుగుతుంది. మన రెండు సందుల మధ్య 15 మీటర్లే ఉంటే, కమాను మాట మొదటి సందు దగ్గరే మొదలైపోవచ్చు. దీనికి విరుగుడు యాప్‌లో కంటే వాక్యంలోనే ఎక్కువ ఉంది. ట్రాక్ మొదలయ్యే చోటుని కమానుకి 25 మీటర్ల ముందే పెట్టి, "మీ పక్కనే కమాను ఉంది" అనకుండా "ముందు ఎడమవైపు రాతి కమాను కనిపిస్తుంది, దాని దగ్గరికి వచ్చాక తిరగండి" అని రాయండి. ఫోన్ పది మీటర్లు అటూ ఇటూ తప్పినా ఆ వాక్యం నిజమే. 25 మీటర్లు నడవడానికి వేగంగా వెళ్ళేవాళ్ళకి 19 సెకన్లే పడుతుంది, కాబట్టి ఆ వాక్యం ట్రాక్ మొదట్లోనే ఉండాలి, మీ పరిచయ సంగీతం తర్వాత కాదు.

రోడ్డు దాటే చోట మాత్రం ఒకటే పద్ధతి. "ఇప్పుడు దాటండి" అని ఎప్పుడూ రాయొద్దు, మీ రికార్డింగ్‌కి వచ్చే బండి కనిపించదు. "జీబ్రా క్రాసింగ్ దగ్గర ఆగి ఆడియో పాజ్ చేయండి. రెండు వైపులా చూసుకుని, అవతలి ఫుట్‌పాత్ మీదకి చేరాక ప్లే చేయండి" అని చెప్పి ట్రాక్ అక్కడే ముగించండి.

చూడమని చెప్పడానికీ ఇదే వరుస. ముందు ఆపండి, తర్వాత చూపించండి. నడుస్తూ పైకి చూస్తే మెట్టు తగులుతుంది. ఆపాక పెద్దదాని నుంచి చిన్నదానికి రండి: ఎదురుగా ఉన్న ఎర్ర భవనం, దాని పై అంతస్తు, అందులో ఎడమ చివరి కిటికీ, ఆ కిటికీ పైన చెక్కిన నెమలి. నెమలి దగ్గర నాలుగైదు సెకన్లు మాట్లాడకండి, దాన్ని వెతుక్కోనివ్వండి. కళ్ళు ఇంకా కిటికీలు లెక్కపెడుతుండగానే నెమలి కథ మొదలుపెడితే రెండూ పోతాయి.

వచ్చే పాఠం లోపు మీ దారిలో అన్నిటికంటే చిక్కుగా ఉన్న ఒక మలుపు ఇలా తిరగరాసి, ఫోన్‌లోనే రికార్డ్ చేసి, ఆ దారి తెలియని ఒకరి చేతికివ్వండి. మీరు పది అడుగుల వెనక నడవండి, నోరు మాత్రం తెరవొద్దు. వాళ్ళు ముందే ఆగిపోతే మీరు చెప్పిన గుర్తులాంటిదే ఇంకోటి ముందు ఉందన్నమాట. ఆడియో వెనక్కి తిప్పుకుని వింటే కథలో ఉండగానే దారి మాట వచ్చేసిందన్నమాట. తిరిగాక మీ వైపు చూస్తే ధ్రువీకరణ ఆలస్యమైంది. ఫోన్ తీసి స్క్రీన్ చూస్తే, ఆ చోట మీ మాట సరిపోలేదు. ఎక్కడ ఏం చేశారో అక్కడికక్కడే స్క్రిప్ట్ పక్కన రాసుకోండి, నడక అయ్యాక వాళ్ళని అడిగితే "అంతా బాగానే ఉంది" అంటారు. 5వ పాఠంలో ఆ గుర్తులు ముందు పెట్టుకునే రెండో ప్రతి రాద్దాం.