ఊరి పేరు మీరు అందించకండి: వానాకాలం షిఫ్టులకు ముందు కాల్ టేకర్లకు జాగ్రత్తలు

మన అంబులెన్స్ కాల్ సెంటర్‌లో మొన్న రాత్రి షిఫ్టులో జరిగింది ఇంకా నా మనసులోంచి పోలేదు. పొలంలో నాన్నని పాము కరిచిందని ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఊరు కొత్తపల్లి అన్నాడు. కాల్ తీసుకున్న అమ్మాయి స్క్రీన్ మీద మొదట కనిపించిన కొత్తపల్లిని చూసి, దాని మండలం పేరు తనే చెప్పి "అదేనా?" అని అడిగింది. "ఆఁ ఆఁ, తొందరగా రండి" అన్నాడు. బండి వెళ్లింది. ఆ ఊళ్లో పాము కరిచినవాళ్లు ఎవరూ లేరు. అసలు కొత్తపల్లికి ఇంకో బండిని పంపి చేర్చేసరికి 40 నిమిషాలు అదనంగా పోయాయి. ఆయన బతికాడు, కానీ అది మన గొప్ప కాదు.

రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. ఆ అమ్మాయి గొంతు తడబడలేదు. మర్యాదగా మాట్లాడింది, టైమ్ వృథా చేయలేదు. చేసిన తప్పు ఒక్కటే. మండలం పేరు ఆ కుర్రాడి నోటి నుంచి రావాల్సింది, తను అందించింది.

ఇన్నేళ్లలో మంచి కాల్ టేకర్లను దెబ్బతీసిన తప్పు ఇదే. కొత్తవాళ్లు మౌనంగా ఉండిపోయి తప్పు చేస్తారు, అనుభవం ఉన్నవాళ్లు పేరు అందించి తప్పు చేస్తారు. మన భాషలో "ఆఁ" అంటే ప్రతిసారీ అవునని కాదు. వింటున్నాను అని కూడా, ముందు మాట ముగించు అని కూడా. కంగారులో ఉన్న మనిషికి మీరు ఏ ఊరి పేరు చెప్పినా "ఆఁ" అనే అంటాడు. అందుకే "ఫలానా మండలమేనా?" అన్నది ప్రశ్నే కాదు. "ఏ మండలం?" అన్నది ప్రశ్న.

పేర్లు కలవడం అరుదనుకోకండి. రామచంద్రపురం గోదావరి వైపు ఒకటుంది, తిరుపతి జిల్లాలో ఒకటుంది, హైదరాబాద్ పక్కన బీహెచ్ఈఎల్ దగ్గర ఇంకొకటి. మెదక్ జిల్లాలో నర్సాపూర్, పశ్చిమ గోదావరిలో నరసాపురం. ఇక కొత్తపల్లులు, వెంకటాపురాలు లెక్కే లేదు. సరిహద్దు ఊళ్ల కాల్ టవర్‌ని బట్టి పక్క రాష్ట్రం సెంటర్‌కి పోవడమూ ఉంది. స్క్రీన్ మీద మ్యాప్ చూపించే చోటు కూడా చాలాసార్లు టవర్‌దే, మనిషిది కాదు. పల్లెల్లో ఆ తేడా కిలోమీటర్లలో ఉంటుంది.

మొదటి ప్రశ్న "మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అని చాలామంది అడుగుతారు. అలా అడగకండి. అమ్మ పల్లెలో పడిపోతే కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తాడు. అతను నిజమే చెబుతాడు, బండి మాత్రం కూకట్‌పల్లి వెళ్తుంది. "అంబులెన్స్ ఎక్కడికి రావాలి?" అని అడగండి. ఆ వెంటనే, పేషెంటు పక్కన ఉన్నవాళ్ల నంబరు. వానలో నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. చోటూ నంబరూ చేతిలో ఉంటే, మిగతావన్నీ కాల్ కట్ అయ్యాక కూడా అడిగి తెలుసుకోవచ్చు. ఆ తర్వాత ఏం జరిగింది, పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి మామూలుగా తీసుకుంటున్నారా. పేరు, వయసు, పాత జబ్బులు బండి కదిలాకే.

"మామూలుగా" అన్న మాట వదలకండి. ఎందుకో ఒక కాల్‌తో చెబుతాను.

పోయిన ఏడాది వానల్లో తెల్లవారుజామున ఒకామె చేసింది. "మా ఆయన లేవట్లేదు." ఎక్కడికి రావాలమ్మా అంటే "కోళ్ల ఫారం" అంది. ఏ ఊరంటే తెలియదు. పనికి వచ్చి నాలుగు రోజులే అయింది. ఇక్కడే మనకు నోరు దురద పెడుతుంది. మ్యాప్‌లో కోళ్ల ఫారాలు కనిపిస్తున్నాయి, ఒక పేరు అనేయాలనిపిస్తుంది. అనలేదు. "బస్సు ఎక్కడ దిగారమ్మా?" అని అడిగాను. టౌన్ పేరు చెప్పింది. "అక్కడి నుంచి?" "ఆటోలో. రైలు గేటు దాటినాక చాలాసేపు." అప్పటికే పక్కనున్న డిస్పాచ్‌కి రాసి చూపించాను, బండి ఆ గేటు వైపు కదిలింది. పూర్తి అడ్రస్ దొరికేదాకా బండిని నిలబెట్టక్కర్లేదు.

"ఊపిరి మామూలుగా తీసుకుంటున్నాడా?" అంటే "గురక పెడుతున్నాడు" అంది. ఫోన్ దగ్గర పెట్టమన్నాను. ఒక్కో గురకకీ మధ్య చాలా ఎడం ఉంది. అది నిద్ర గురక కాదు, గుండె ఆగినప్పుడు వచ్చే ఎగశ్వాస. ఆయన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కమన్నాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు పడేలా నేనే ఫోన్‌లో లెక్కపెట్టాను. మధ్యలో "చదువు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే పదేళ్ల కొడుకు ఉన్నాడంది. "బాబూ, కరెంటు మీటరు దగ్గర బిల్లు కాగితం ఉందేమో చూసి, ఉన్నది ఉన్నట్టు చదువు నాన్నా" అన్నాను. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. అందులో ఊరి పేరు ఉంది. డ్రైవర్ ఆ ఊరు చేరేసరికి ఆమె ఇంకా నొక్కుతూనే ఉంది.

బిల్లు లేకపోతే బడి బోర్డు, పంచాయతీ ఆఫీసు, రేషన్ షాపు. ఊరూ మండలమూ రెండూ రాసి ఉండేవి ఇవే. మండలం తెలియనివాళ్లను సంతకు ఎక్కడికి పోతారో, బస్సు ఏ ఊరి నుంచి వస్తుందో అడగండి.

ఇక మిగతావి వరసగా.

హైవే మీద ప్రమాదమైతే ఎటు వెళ్లే రోడ్డో అడగాలి. విజయవాడ హైవే మీద బండి అవతలి వైపుకి వెళ్లిందంటే, యూటర్న్ దొరికేదాకా పోయి తిరిగి రావాలి.

కిలోమీటరు రాయి మీద ఉన్నది మొత్తం చదివించండి. అంకె ఒక్కటే చాలదు, దాని పైన ఉన్న ఊరి పేరు కూడా.

కరెంటు షాక్ అంటే ముందు "ఆయన్ని ముట్టుకోకండి", తర్వాతే ప్రశ్నలు.

పాము కాటు అంటే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నడిపించొద్దు అని చెప్పండి. పామును వెతకనివ్వకండి.

అరుస్తున్నవాళ్ల మీద అరవకండి. అదే ప్రశ్న, అవే మాటలతో, అదే గొంతుతో మళ్లీ అడగండి. మాటలు మారిస్తే కొత్త ప్రశ్న అనుకుని మళ్లీ మొదలుపెడతారు.

"టెన్షన్ పడకండి" అనకండి. "బండి బయలుదేరింది" అనండి, నిజంగా బయలుదేరాకే.

మాట్లాడలేకపోతున్నారా? ఫోన్ పక్కవాళ్లకు ఇవ్వమనండి.

పిల్లలు ఫోన్ చేస్తే ఆటలనుకుని పెట్టేయకండి.

స్క్రీన్‌లో మొదటి పేరు నొక్కకండి. అదే పేరుతో కింద ఎన్ని ఉన్నాయో చూడండి.

"ఆఁ" వినిపిస్తే ఆగండి. "ఏ ఊరు చెప్పారు?" అని మళ్లీ అడగండి.

ఊరు వాళ్లే చెప్పాలి. మండలం వాళ్లే చెప్పాలి. రాత్రి మూడింటికి, వందో కాల్ అయినా, వాళ్లే చెప్పాలి.